రాలేనని రాసిన రెండో ఉత్తరం

మునిరామయ్య గారు చిత్తూరులో ఒక హైస్కూలు తెలుగు పండితులు. మా పక్కింట్లో ఉండేవారు. చూపు మందగించడంతో ఉత్తరాలు నాచేత రాయించుకునేవారు. చూపు సంగతి ఊరికంతా తెలుసు. ఏడాదిగా పద్యాలు మధ్యలోనే మరిచిపోతున్నారన్నది మాత్రం ఆయన భార్య ఆనందమ్మ గారికీ నాకూ తప్ప తెలియదు. క్లాసులో పిల్లలచేత పద్యం చదివించి, తాను అర్థం చెప్పి నెట్టుకొస్తున్నారు. బయటపడితే ఉద్యోగం పోతుంది.

1946 నవంబరులో మద్రాసు పండిత సభవారు ప్రబంధాల మీద గంటసేపు ఉపన్యసించమని పిలిచారు. ఆయన చెబుతుంటే రాశాను: ‘తమ ఆదరానికి కృతజ్ఞుణ్ణి. అంతటి సభకు నేను తగను. నా సహోద్యోగి రంగనాథం గారు ఈ విషయంలో నాకన్నా సమర్థులు. వారిని పిలవ ప్రార్థన.’

పండితుల్లో మొదటి పిలుపుకు తగనని రాయడం మర్యాద. మళ్లీ అడిగించుకుని ఒప్పుకుంటారు. కంగారులో ఆయనకు అది తట్టలేదు. వారానికి జవాబొచ్చింది: ‘ఈ వినయం తమకే చెల్లింది.’ తోడుగా ఆయన పేరు అచ్చేసిన కరపత్రం.

ఆ సాయంత్రమే రంగనాథం వచ్చాడు. మద్రాసు స్నేహితుడెవరో అతనికి అంతా రాశాడట.

“తప్పించుకునేదానికి నా పేరు అడ్డం పెట్టినారా సార్? నేను మీకన్నా సమర్థుణ్ణంటే ఆడ అందరూ నవ్వుకుంటా ఉండారంట.”

మునిరామయ్య గారు ఏళ్లుగా పాఠం చెబుతున్న పద్యమొకటి ఎత్తుకున్నారు. రెండో పాదంలో ఆగిపోయారు. రంగనాథం అది హాస్యమనుకుని నవ్వు మొహంతో కాసేపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

“ఎన్నాళ్లనుంచి సార్?”

“నిరుటినుంచప్పా. నువ్వు పోతావా?”

“పోతాను.”

నేను మళ్లీ కలం తీశాను. ‘ఇది వినయం కాదు. నాకు పద్యాలు జ్ఞాపకముండటం లేదు. సభలో నిలబడలేను. రంగనాథం గారి పేరు మర్యాదకు రాసింది కాదు.’

ఆనందమ్మ గారు నా చేతి మీద చెయ్యి పెట్టి ఆయనతో అన్నారు: “ఆ ముక్క వద్దండీ. రంగనాథాన్ని పంపమని వాళ్లు మీ హెడ్మాస్టరుకు రాస్తారు. కారణం రాయకుండా ఉంటారా? ఒంట్లో బాగలేదని రాయండి, చాలు.”

“బాగయ్యేదాకా సభ వాయిదా వేస్తామంటారే, అప్పుడేం చేసేది?” అన్నారాయన. నా వైపు తిరిగారు. “రాయమ్మా.”

పది రోజులకు హెడ్మాస్టరు ఆయన్ని పిలిపించి, మద్రాసు ఉత్తరం ముందు పెట్టాడట.

“ఇది నిజమేనా అయ్యవారూ?”

“నిజమే సార్.”

“రేపట్నుంచి పై ఫారాల క్లాసులు రంగనాథం చూస్తాడు. వేసవికి మీరు ఉద్యోగం మానుకుంటే మంచిది.”

ఇంటికొచ్చి ఈ మాటలన్నీ మా ముందు చెప్పారు. ఆనందమ్మ గారు కూర్చున్నచోటే కూర్చుండిపోయారు.

“రంగనాథం శనివారం రైలెక్కుతాడు,” అన్నారాయన. “వాడికి వండిపెట్టేవాళ్లు లేరు. దారిలోకి రవంత చింతపండు అన్నం కట్టియ్యి.”

ఆమె లేచి వెళ్లి చింతపండు డబ్బా దించి చూశారు.