ఫ్రిజ్‌లో చోటు దొరకని మందు

సూర్యావతి గారి కోపం మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. స్ట్రెచర్ తెచ్చేవాళ్ల దగ్గర్నుంచి సూపరింటెండెంట్ గారి దాకా ఒక్కసారైనా ఆ కోపం తగలనివాళ్లు లేరు. భీమవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా ఎమర్జెన్సీ వార్డుకి వచ్చే జనం ఆవిణ్ణి ‘కోపం నర్సమ్మగారు’ అనే గుర్తుపెట్టుకుంటారు. ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఉట్టినే కోప్పడటం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మొన్న మే నెలలో, ఎండ నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, ఒక కుర్రాణ్ణి ఆటోలో వేసుకొచ్చారు. పేరు జాషువా. ఇరవై రెండేళ్లుంటాయి, మనిషి సన్నగా వెదురు బద్దలా ఉన్నాడు. రొయ్యల చెరువుల మీద టెక్నీషియన్. నీళ్లు పరీక్ష చేయడం, మేత లెక్క చూడటం, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పడం అతని పని. పక్కన వాళ్లమ్మ సంపూర్ణమ్మ, కూలి పనుల్లో నల్లబడ్డ మనిషి, కొడుకు తల ఒళ్లో పెట్టుకుని ఉంది. వెనకాలే బండి మీద చెరువుల మేనేజరు ఫణీంద్ర వచ్చాడు.

“ఏం లేదు మేడమ్, యానాం సరుకు తాగుంటాడు. మా కుర్రాళ్లంతా అంతే. వాసన వస్తోంది చూడండి,” అన్నాడు ఫణీంద్ర.

వాసన వస్తున్న మాట నిజమే. కానీ అది మందు వాసన కాదు. బాగా మగ్గి పులిసిన పండులాంటి తియ్యటి వాసన. కుర్రాడు పరిగెత్తి వచ్చినవాడిలా లోతుగా, గబగబా ఊపిరి తీస్తున్నాడు. నాలిక ఎండి చెక్కలా ఉంది. ముందురోజు నుంచీ వాంతులు, కడుపునొప్పి. ఊళ్లో డాక్టరు వడదెబ్బ అని, గ్యాస్ అని ఇంజక్షన్ వేసి పంపాడట.

సూర్యావతి గారు ఫణీంద్ర వైపు చూడనైనా చూడలేదు. కుర్రాడి మొహం దగ్గరికి వంగి, “షుగరుందా బాబూ?” అని అడిగారు. అతను తలాడించాడు. పదిహేనో ఏట నుంచీ ఇన్సులిన్ మీదే ఉన్నాడని తల్లి చెప్పింది. వేలు గుచ్చి చూస్తే మా మిషన్ అంకె కూడా చూపించలేదు, ‘హై’ అని మాత్రం వచ్చింది. డ్యూటీ డాక్టరు ప్రణతి గారు వచ్చి చూసి, మా సూర్యావతి గారి మనసులో ఉన్న మాటే అన్నారు. కీటోయాసిడోసిస్. ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తంలో చక్కెర ఊరికే తిరుగుతుంటుంది, లోపలి కణాలు మాత్రం ఆకలితో మలమలమాడుతుంటాయి. అప్పుడు ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. ఆ కరిగినదాంట్లోంచి ఆమ్లాలు పుట్టి రక్తం పుల్లబడుతుంది. ఆ పులుపును బయటికి ఊదేయడానికే ఆ లోతు ఊపిరి. ఎక్కువైన చక్కెర నీళ్లని లాక్కుని మూత్రంలో పోతుంది, వాటితోపాటు ఉప్పులూ పోతాయి.

రెండు చేతులకీ లావు సూదులు పెట్టాం. ఒకదాంట్లోంచి సెలైన్ జోరుగా వదిలాం. రక్తం తీసి ల్యాబుకి పంపాం. గుండెకి మానిటర్ తగిలించాం. వాంతులు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాం.

ఆ పైనే గొడవ మొదలైంది. చక్కెర ఆరొందలు దాటిందని ల్యాబు నుంచి కబురొచ్చింది. అది విన్న ఫణీంద్ర గుమ్మంలో నిలబడి గట్టిగా మాట్లాడ్డం మొదలెట్టాడు. షుగరు అంతుంటే ఇన్సులిన్ ఇవ్వకుండా ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తున్నారేంటి, కుర్రాడికేమన్నా అయితే మా మీదకి వస్తుంది అని. అతని మాటలకి సంపూర్ణమ్మ కూడా భయపడిపోయి, ఇన్సులిన్ ఇవ్వండమ్మా అని మా చేతులు పట్టుకుంది.

ప్రణతి గారు పొటాషియం రిపోర్టు కోసమే చూస్తున్నారు. వాంతులతో, మూత్రంతో పొటాషియం బాగా పోయి ఉంటుంది. ఇన్సులిన్ ఇవ్వగానే మిగిలిన కాస్తా కణాల్లోకి దూరిపోతుంది. అప్పుడు గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. రిపోర్టు వచ్చింది. రెండు పాయింట్ తొమ్మిది, బాగా తక్కువ. ముందు పొటాషియం ఎక్కించి, మూడున్నర దాటాకే ఇన్సులిన్ మొదలుపెట్టమన్నారు ప్రణతి గారు.

అప్పుడు సూర్యావతి గారు గుమ్మం దగ్గరికెళ్లారు. గొంతు పెంచలేదు. దానికే ఇంకా భయమేసింది నాకు.

“మీరు తొందరపెడుతున్న ఇన్సులిన్ ఇప్పుడిస్తే వాడి గుండె ఆగిపోద్ది. ఆగితే వాళ్లమ్మకి మీరు సమాధానం చెప్తారా? బయట కూర్చోండి.”

ఫణీంద్ర వెళ్లి బల్ల మీద కూర్చున్నాడు. ఆవిడ వెనక్కొచ్చి, సంపూర్ణమ్మకి మాత్రం ఓపిగ్గా, ఇన్సులిన్ ఇస్తామమ్మా, గుండెకి కాపలా పెట్టి ఇస్తాం అని చెప్పారు. మూత్రం వస్తోందో లేదో చూశారు. కిడ్నీలు పనిచేయకుండా పొటాషియం ఎక్కిస్తే అదీ ప్రాణం మీదకే వస్తుంది మరి. జాషువా మూత్రం పోశాక, పొటాషియం సెలైన్‌లో కలిపి, చుక్కలు కొలిచి వదిలే పంపు మీద నెమ్మదిగా పెట్టారు. దాన్ని సిరంజితో నేరుగా నరంలోకి తోయకూడదని నాకెన్నోసార్లు చెప్పారు, ఆ రోజు మళ్లీ చెప్పారు. మానిటర్ మీద గీతల్ని చూస్తూ మంచం పక్కనే నిలబడ్డారు.

మళ్లీ రక్తం పంపితే ఈసారి పొటాషియం మూడున్నర దాటింది. సిరంజి పంపులో ఇన్సులిన్ నింపి, అతని బరువుకి తగ్గట్టు గంటకి అయిదు యూనిట్లు మొదలుపెట్టాం. ఆ తర్వాత గంటగంటకీ వేలు గుచ్చడమే మా పని. మనిషిని పేరు పెట్టి పిలిచి, ఎక్కడున్నావురా అని అడగడం కూడా అందులో భాగమే. చక్కెర మరీ తొందరగా పడిపోతే మెదడు వాచే ప్రమాదం ఉంటుంది. చక్కెర మెల్లగా దిగుతూ రెండొందల ముప్పై దగ్గరికొచ్చేసరికి ప్రణతి గారు సెలైన్‌తో గ్లూకోజు కలపమన్నారు. సంపూర్ణమ్మ అది చూసి బిత్తరపోయింది.

“షుగరు పేషెంటుకి చక్కెర ఎక్కిస్తున్నారేంటండి?”

సూర్యావతి గారు చెప్పారు. చక్కెర దిగింది గానీ రక్తంలో పులుపు ఇంకా పోలేదు. ఆ పులుపు పోవాలంటే ఇన్సులిన్ ఆపకూడదు. ఇన్సులిన్ ఆపకుండా ఉండాలంటే అది తినడానికి కాస్త చక్కెర వేయాలి. సంపూర్ణమ్మకి అంతా అర్థమైందో లేదో గానీ, ఆ తర్వాత ఏం చేస్తున్నా అడ్డు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నకి ఊపిరి మామూలైంది. రక్తంలో పులుపు పోయింది. జాషువా ఇడ్లీ తిన్నాడు. చర్మం కింద ఇన్సులిన్ వేసి, అది పనిచేయడం మొదలెట్టాక పంపు తీసేశాం. అప్పటిదాకా అణచిపెట్టుకున్న కోపం సూర్యావతి గారు అప్పుడు తీశారు.

ఇంత వయసొచ్చి ఇన్సులిన్ మానేస్తావా, తల్లి ఎండలో పడి పెంచింది ఇందుకేనా, ఇంకో పూట ఆలస్యమైతే నిన్ను ఇంటికి కాదు ఇంకోచోటికి తీసుకెళ్లేవాళ్లు అని తిట్టారు. పక్క మంచాలవాళ్లు కూడా తిరిగి చూశారు. జాషువా మొహం ఎర్రబడింది. లేవలేక లేచి కూర్చున్నాడు.

“నేను మానలేదు. ఒక్క పూట కూడా మానలేదు. అందరూ ఒకటే మాట. తాగాడంటారు, మానేశాడంటారు. నన్నెవడైనా అడిగాడా?”

సూర్యావతి గారు మంచం అంచున కూర్చుని, ఆ ఇన్సులిన్ సీసా ఎక్కడుందని అడిగారు. సంపూర్ణమ్మ చేతిసంచిలోంచి తీసి ఇచ్చింది. అతను వాడేది పాలలా తెల్లగా ఉండే రకం, అరచేతుల మధ్య దొర్లిస్తే ఒకే తీరుగా కలవాలి. ఈ సీసాలో మాత్రం ఎంత దొర్లించినా తెల్లటి ఉండలు గాజుకి అంటుకునే ఉన్నాయి.

“దీన్ని ఎక్కడ పెడుతున్నావు?”

ఉండేదీ పడుకునేదీ చెరువు గట్టు మీదేనని, అక్కడి రేకుల షెడ్డులో, గూట్లో పెట్టానన్నాడు. మే నెల ఎండకి ఆ షెడ్డు లోపల కాలే పెనంలా ఉంటుంది. షెడ్డులో ఫ్రిజ్ ఉంది. అందులో రొయ్యల ప్రోబయోటిక్ సీసాలు, పరీక్షల కిట్లు పెడతారు. మొదట్లో జాషువా తన సీసాని ఆ ఫ్రిజ్ తలుపులోనే పెట్టుకున్నాడు. ఫణీంద్ర దాన్ని తీసి బయట పెట్టేశాడు. మనుషుల మందులు ఇందులో పెట్టకు, రొయ్యలకి ఏమైనా అంటితే ఎవడు సమాధానం చెప్తాడని అన్నాడట. జాషువా రెండుసార్లు అడిగి, ఇక అడగడం మానేశాడు. రోజూ సీసాలోంచి అదే కొలత తీసుకుని పొడుచుకున్నాడు. అందులో మందు చచ్చిపోయిన సంగతి అతనికి తెలియదు.

సూర్యావతి గారు లేచి వరండాలోకి వెళ్లారు. డిశ్చార్జి ఎప్పుడో కనుక్కోడానికి వచ్చిన ఫణీంద్ర అక్కడే ఉన్నాడు. నేను వెనకాలే వెళ్లాను. ఆవిడ ఏం చేస్తారో అని నాకు నిజంగా కంగారుగా ఉంది.

ఆవిడ సీసా అతని కళ్లముందు పెట్టారు. రొయ్యలకి ఏ జబ్బు వస్తే ఏ మందు, ఏ చల్లదనంలో ఉంచాలో చెప్పమన్నారు. అతను తడుముకోకుండా చెప్పాడు.

“ఆ చల్లదనం వీడి మందుకీ కావాలండీ. మీకు తెలియక చేశారంటే నమ్ముతాను. కానీ వాడు రెండుసార్లు అడిగాడు. మీరు వినలేదు. పైగా తాగాడని చెప్పి తీసుకొచ్చారు.”

ఫ్రిజ్ తనది కాదని, బుచ్చిరాజు గారు ఇంకేమీ పెట్టనివ్వద్దన్నారని ఫణీంద్ర గొణిగాడు. బుచ్చిరాజు గారంటే చెరువుల యజమాని. అయితే ఆయన నెంబరు ఇవ్వండన్నారు సూర్యావతి గారు. అక్కడే నిలబడి ఫోన్ చేశారు. ఆయన పెద్దమనిషి తరహాగా మాట్లాడి, అయ్యో నాకు తెలియదండీ, చెప్తాను వాళ్లకి అన్నారు. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేశారు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, “తెలియదంట” అన్నారు నాతో. ఆ ఒక్క మాటలో ఉన్న కోపం నేను ఇంతవరకూ ఏ తిట్టులోనూ వినలేదు.

జాషువా దగ్గరికి తిరిగొచ్చి ఆవిడ ఒకటే మాటన్నారు. “నిన్ను అడగకుండా తిట్టాను. తప్పు.” అతను మొహం తిప్పుకున్నాడు. క్షమించినట్టు ఏమీ కనబడలేదు. ఆవిడ కూడా దానికోసం ఆగలేదు. తల్లీకొడుకుల్ని కూర్చోబెట్టి, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసా ఉన్న డబ్బాని అందులో ఉంచి మూత వేసి నీడలో పెట్టడం ఎలాగో చెప్పారు. ఫ్రిజ్ లేనిచోట అదే దారి. జ్వరమొచ్చినా, వాంతులైనా, అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదని, నీళ్లు తాగుతూ ఆసుపత్రికి వచ్చెయ్యాలని చెప్పారు. అన్నీ చెప్పి, మళ్లీ వాళ్ల నోటితో చెప్పించారు.

జాషువా ఆ చెరువుల మీదకి తిరిగి వెళ్లలేదు. వెళ్తే మంచిగానే చూసేవారేమో, బుచ్చిరాజు గారు కబురు కూడా పెట్టారట. వాళ్ల దయ నాకు అక్కర్లేదని తల్లితో అన్నాడట. ఇప్పుడు నర్సాపురం వైపు రొయ్య పిల్లల్ని పెంచే ఒక హేచరీలో చేస్తున్నాడు. చేరేముందు జీతం గురించి కాదు, మందు పెట్టుకోడానికి ఫ్రిజ్‌లో చోటిస్తారా అని అడిగాడట. సంపూర్ణమ్మ వచ్చి చెప్పింది. అడగడానికి సిగ్గుపడలేదు మావాడు అంది, కొంచెం గర్వంగా.

ఆ మధ్య నర్సింగ్ కాలేజీ పిల్లలు మా వార్డుకి వస్తే, జాషువా కేసు వాళ్లకి పాఠంగా చెప్పారు సూర్యావతి గారు. ఈ పరిస్థితికి కారణమేంటని అడిగితే ఒకమ్మాయి, పేషెంటు ఇన్సులిన్ సరిగా తీసుకోకపోవడం అంది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఎవరు చెప్పారు నీకు? అతన్ని అడిగావా?”

సూర్యావతి గారు ఆ పిల్లని తీసుకుని రెండో నెంబరు మంచం దగ్గరికెళ్లారు. అక్కడ షుగరుతో వచ్చిన ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. మందు వేసుకుంటున్నావా అని కాకుండా, మందు ఎక్కడ పెట్టుకుంటున్నావు తాతా అని అడగమన్నారు.