నారాయణప్ప నవ్వు ముందొచ్చేది

దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు చాపుకున్నా ఫరవాలేదు, చెవులు మాత్రం ఇటే ఉంచండి. ఇది కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది చింతామణిలో జరిగింది. అంతకుముందు చిక్కబళ్ళాపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేశాను. తర్వాత మంచం పట్టినవాళ్ళను వాళ్ళ ఇళ్ళలోనే చూసుకునే పనికి మారాను. హోమ్ కేర్ అంటారు దాన్ని. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మెత్తగా కలిపి తినిపించడం. నాకు చదువు పెద్దగా లేదు, చూసిన మనిషిని మాత్రం మరిచిపోను.

చింతామణిలో నేను చూసుకున్న రత్నమ్మకు స్ట్రోక్ వచ్చింది. మెదడులో ఎడమ పక్క రక్తం ఆడక కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. ఆమె భర్త నారాయణప్ప టమోటా మండీలో వేలం పాడించేవాడు. మండీ ముగించుకుని రాగానే చేతులు కడుక్కుని, ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ రోజు తమాషా ఒకటి చెప్పేవాడు.

“రత్నా, ఇను. ఒకడు బాక్సులో పైన మంచి కాయలు, అడుగున కుళ్ళినవి పెట్టుకోనొచ్చినాడు. కొన్నోడు బాక్సు కుమ్మరించి తిడితే ఏమన్నాడో తెలుసునా?”

ఇక్కడికి రాగానే ఆయనకు నవ్వు ముంచుకొచ్చేది. భుజాలు ఊగిపోయేవి. అసలు మాట సగం ఆ నవ్వులోనే మునిగిపోయేది.

“‘నేను అమ్మింది పైనుండేటివే అప్పా, అడుగువి ఎత్తు కోసరం పెట్టినా’ అన్నాడు!”

రత్నమ్మ ఎడమ పక్క పెదవి పైకి లాగి, గొంతులో చిన్న చప్పుడు చేసి నవ్వేది. “చూసినావామ్మా? ఆయమ్మకు అంతా అర్థమైతాండాది” అనేవాడు నాతో.

నేనొక రోజు అడిగేశాను. “మేము నవ్వినంక నువ్వు నవ్వరాదా అప్పా? ఏమంత తొందర?”

“కడాకు ఏముండాదో నాకు ముందే తెలుసు గదమ్మా, నవ్వు ఆగుతాదా? ఇంగోటి. మండీలో ఎవురూ నోరు తెరవకుంటే వేలం పాట లేయదు. మొదటి ధర మేమే అంటాము. ఒకరు నోరు తెరిస్తే నలుగురు తెరుస్తారు. నవ్వూ అంతే.”

అప్పటినుంచి గమనించాను. నవ్వుతున్నంతసేపూ ఆయన కళ్ళు ఎదుటివాళ్ళ ముఖం మీదే ఉండేవి. వాళ్ళు నవ్వితే ఆయన నవ్వు నెమ్మదిగా సర్దుకునేది. నవ్వకపోతే ఇంకా పెద్దదయ్యేది. ఇది తమాషాకే, కోప్పడొద్దు అని ముందే చెప్పేది ఆ నవ్వు. మీరూ రండి అని పిలిచేది. ఎవరూ రాకపోతే ఆ నిశ్శబ్దం వినపడకుండా కప్పేసేది.

స్పీచ్ థెరపీకి, అంటే పోయిన మాటను మళ్ళీ పలికించే సాధనకు, వారానికొకసారి ఒక అమ్మాయి వచ్చేది. బాగేపల్లి పిల్ల, మెత్తని మనిషి. ఒక రోజు ఆయనతో అంది.

“అప్పా, నువ్వు ముందే నవ్వేస్తే ఆయమ్మ నీ మాటకు నవ్వుతాందో నీ మొగం చూసి నవ్వుతాందో తెలీదు. ఒకసారి నవ్వకుండా చెప్పి ఆగప్పా. ఎంత అర్థమైతాండాదో తెలిస్తేనే గదా నేను ఎట్ల నేర్పించాలో చూసుకునేది?”

ఆయన ముఖం పాలిపోయింది. “ఆయమ్మ నవ్వకుంటే?” అన్నాడు. రత్నమ్మ లోపల ఇంకా తన రత్నే ఉందన్న ధైర్యంతో ఆయన రోజులు గడుపుతున్నాడు. ఆ ధైర్యమంతా ఆమె నవ్వు మీదే నిలబడి ఉంది.

కొన్నాళ్ళు తప్పించుకున్నాడు. మండీలో లోడు ఎక్కువన్నాడు, గొంతు పట్టేసిందన్నాడు. చివరికి ఒక పొద్దున ఆ అమ్మాయి ముందరే కూర్చుని, మోకాళ్ళు గట్టిగా పట్టుకుని, ఆ టమోటా బాక్సు కథే తొణకకుండా చెప్పాడు. చెప్పి ఆగాడు.

రత్నమ్మ ఆయన నోటివైపే చూస్తోంది. నవ్వలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. కాసేపటికి ఎడమ చెయ్యి మెల్లగా చాపి, ఆయన పెదవులు తడిమింది, అక్కడ ఉండాల్సినదేదో కనపడనట్టు.

ఆయనకు ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ఆ నవ్వు ముక్క వినగానే రత్నమ్మ గొంతులో చప్పుడు వచ్చింది. పెదవి పైకి లేచింది.

“మాటల అర్థం పట్టుకునే చోటు దెబ్బతినిందప్పా. నీ గొంతు, నీ మొగం అందుతాండాయి” అంది ఆ అమ్మాయి మెల్లగా.

“అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పిన కతలు?”

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి కొళాయి తిప్పాడు. నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.

మరునాడు మంచం దగ్గరికి రాడనుకున్నాను. వచ్చాడు. స్టూలు వేసుకున్నాడు. చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. తర్వాత ఊరికే నవ్వాడు. మొదట అది ఎండిపోయిన నవ్వు. రత్నమ్మ నవ్వేసరికి దానికి తడి వచ్చింది. ఆనాటినుంచి కథ లేదు, మండీ లేదు. ఇద్దరూ కూర్చుని నవ్వుకునేవాళ్ళు.

ఆ వానాకాలం దాటలేదు ఆమె.

ఆమె కర్మ నాడు వెళ్ళాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మండీలో ఒకడు చేసిన తమాషా చెప్పాడు. చివరిదాకా నవ్వకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పటినుంచి ముందుగా నవ్వేవాళ్ళను నేను ఆపను. తమాషా ఇంకా పూర్తి కాకున్నా, వాళ్ళు నవ్వుతూ నా ముఖంలోకి చూస్తే చాలు, గొంతు కలుపుతాను.

మీ గడప చల్లగా ఉండాలి, పిల్లాపాపలు కడుపునిండా తినాలి. మీ ఇంట్లో ఎవరి నవ్వూ ఒంటరిగా మిగలకుండా ఉండాలి.