పోలవరం బండికి కిలోమీటరు రాబడి

కండక్టరు తబిత గారికి ఓనరు గారి దగ్గర పలుకుబడి ఉందని, అందుకే మంచి బండి ఇచ్చారని కొవ్వూరు స్టాండులో చెప్పుకునేవారు. లేకపోతే పోలవరం రూటులో తిరిగే మా రెండు బస్సుల్లో రాబడిలో ఆవిడదే ఎప్పుడూ పైన ఎలా ఉంటుంది?

రోజువారీ కలెక్షను రిపోర్టు రాసేది నేను. వచ్చిన డబ్బును తిరిగిన కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరు రాబడి వస్తుంది. ఈ నెల అది ఎవరిది ఎక్కువుంటే కొత్త బస్సు వాళ్ళకని ఓనరు రమేష్ బాబు గారు చెప్పారు. ఆయన ఆవిడను "తబితమ్మా" అనేవారు, నన్ను "ఇదిగో" అనేవారు. ముసలమ్మల బుట్టలు ఎత్తి దించుతూ కూడా ఆవిడ నవ్వుతూనే ఉండేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

టికెట్ మిషన్లో వేసే పేపరు రోల్స్‌కు మేమే నంబర్లు వేసి ఇస్తాం. వాడని రోల్ అయినా, అయిపోయిన దాని గొట్టం అయినా సాయంత్రం తిరిగి రావాలి. లేకపోతే బయట దొంగ టికెట్లు కొడతారని ఓనరు గారి అనుమానం. నెలాఖరున తబిత గారి రోల్ ఒకటి రాలేదు. నాకు లోపల సంతోషం వేసింది. వెంటనే ఓనరు గారికి చెప్పాను.

"చూశారాండీ, మన రాణీగారి సంగతి?" అన్నాడు రెండో బస్సు కండక్టరు పెద్దిరాజు.

"నీ సంచిలో చూసుకో పెద్దిరాజూ," అంది తబిత గారు. "తాళ్ళపూడి దగ్గర నా బండి ఆగిపోతే జనాన్ని నీ బస్సెక్కించాను కదా. నీ రోల్ అయిపోయిందంటే నాది ఇచ్చాను. ట్రిప్పు షీటులో రాయడం మర్చిపోయానండి ఓనరు గారూ."

అతని సంచిలోనే దొరికింది. "అబ్బే, గుర్తు లేదండి," అని గొణిగాడు.

నేను ఊరుకోలేకపోయాను. నెల మొత్తం షీట్లు తిరగేసి ఓనరు గారి ముందు పెట్టాను. "ఆవిడ బండి సగం రోజులు దారిలో ఆగిపోతోందండి. పోలవరం దాకా టికెట్ డబ్బు ముందే తీసుకుంటారు. కిలోమీటర్లు మాత్రం ఆగిన చోటివరకే పడతాయి. ఆ జనం టికెట్ లేకుండానే పెద్దిరాజు గారి బస్సెక్కుతారు. అందుకే ఆవిడ రాబడి అంత కనబడుతోంది." కొత్త బస్సు ఆవిడకి దక్కదని నాకు గట్టి నమ్మకం.

ఆయన షీట్లు చూసి, "మరైతే మార్చాల్సింది ఆ బండినే కదా?" అన్నారు.

కొత్త బస్సు తబిత గారికే వెళ్ళింది. అదిగో పలుకుబడి అన్నారు స్టాండులో. అప్పటిదాకా ఆవిడ ఎక్కింది మా బస్సులన్నింటిలోకీ పాతది.