లండన్ గడియారం వెనక్కి తిరిగిన వారం

అమ్మ పోయాక చీరలు నేసి నన్ను చదివించింది మా అక్కే. ఆమె కిడ్నీలు చెడిపోయాయని తెలిసిన నెలలోనే నేను హైదరాబాదు ఉద్యోగం వదిలి కోడుమూరు వచ్చేశాను. అక్కా బావల ఇంట్లో మగ్గం గది పక్కనే కంప్యూటర్ పెట్టుకుని, లండన్‌లో ఒక కంపెనీకి, న్యూయార్క్‌లో ఒక కంపెనీకి పని ఒప్పుకున్నాను. వాళ్ల వెబ్‌సైట్లలో తప్పులు వెతికి చెప్పడం నా పని.

వేళలన్నీ అక్కను బట్టే వేసుకున్నాను. వారానికి మూడు పొద్దులు కర్నూలులో డయాలసిస్. లండన్‌లో తొమ్మిదైతే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. అప్పటినుంచి ఐదున్నర దాకా వాళ్లకు. న్యూయార్క్‌లో తొమ్మిదయ్యేసరికి మనకు సాయంత్రం ఆరున్నర. మధ్యలో మిగిలిన గంట అక్కది. తల దువ్వేదాన్ని, డాక్టరు చెప్పిన కొలతకే నీళ్లు ఇచ్చేదాన్ని. ఆమె మగ్గం మీది చీర గురించి చెప్పేది.

అక్టోబరు చివరి ఆదివారం లండన్ గడియారాలు గంట వెనక్కి వెళ్లాయి. అమెరికావి మారడానికి ఇంకో వారం ఉంది. లండన్ పని రెండున్నరకు మొదలై ఆరున్నరకు ముగిసేది, ముగిసీ ముగియగానే న్యూయార్క్ మీటింగు. మా గంట పోయింది. బదులుగా మధ్యాహ్నం మిగిలిన గంట నాకు వంటకు, మందులకు, నిద్రకు సరిపోయేది.

మంగళవారం సాయంత్రం అక్క గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఏం పాపా, పనుండాదా? రవ్వంత సేపు కుచ్చో రాకూడదా?"

"ఈ వారం ఒక్కటే అక్కా. ఆదివారం నుంచి అంతా మామూలే."

"వాళ్ల గడియారం మారితే మన పొద్దు మారల్లా?" అని నవ్వింది. "సరే, చేసుకో. నేనేం యాడికి పోతాండానా."

బుధవారం, గురువారం ఆమె మళ్లీ పిలవలేదు. పిలవనందుకు నాకు హాయిగానే అనిపించింది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

శుక్రవారం డయాలసిస్ మంచం మీదే అక్క గుండె ఆగింది. నేను ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ రోజు పంపాల్సిన రిపోర్టు సరిచూస్తున్నాను. నర్సు పరుగెత్తుకొచ్చేదాకా తెలియలేదు.

కర్మలయ్యాక లండన్ మేనేజరుకు మెయిల్ రాశాను. సెలవు ఎందుకో, ఆ వారం వేళలు ఎలా కలిసిపోయాయో అన్నీ చెప్పాను. గంటలోనే జవాబు వచ్చింది. మొదట సంతాపం. తర్వాత ఒక వాక్యం: మా ఆఫీసు ఎనిమిదికే తెరుస్తాం, ఒక మాట అడిగి ఉంటే ఆ వారం మీరు పాత వేళకే మొదలుపెట్టేవారు కదా.

అక్కడ ఎనిమిదంటే ఆ వారం మనకు ఒకటిన్నరే. నేను అడగలేదు. పని పోతుందేమోనని భయం. అడగాలన్న ఆలోచనే రాలేదన్నా నిజమే.

బావ మగ్గం ముందునుంచి తలెత్తి, "ఏం రాసినారమ్మా తెల్లోళ్లు?" అన్నాడు.

"శానా బాధపడినారు బావా" అన్నాను. రెండో వాక్యం ఆయనకు ఈనాటికీ చెప్పలేదు.