నల్ల చీరలకు నేను రాసిన వివరణ

కర్నూలులో ఆన్‌లైన్‌లో బట్టలమ్మే మా అక్క దగ్గర ఆరు నల్ల నూలు చీరలు మిగిలిపోయాయి. అవి అమ్ముడైతేనే కొత్త సరుకు తేగలదు. వివరణ రాసే పని నాకు అప్పగించింది. నేను వాటిని ‘పెళ్లి చీరలు’ విభాగంలో పెట్టి, నలుపు అశుభమనడం ఎంత మూఢత్వమో నాలుగు పేరాల్లో నిరూపించాను. పది రోజులైనా ఒక్క చీరా కదల్లేదు.

“చీర అమ్మమంటే ఉపన్యాసం ఇస్తాండావు. పొడుగెంతో యాడ రాసినావప్పా? రవిక గుడ్డ ఉండాదా, లేదా?” అంది అక్క.

నా వాదమంతా చెరిపేసి, ఐదున్నర మీటర్లు, రవిక గుడ్డ వేరుగా ఉంది, రంగు పోదు అని రాసింది. విభాగాన్ని ‘ఆఫీసు చీరలు’గా మార్చింది. వారంలో నాలుగు పోయాయి. మైదుకూరు ఆవిడొకరు ఆ చీరతోనే పెళ్లికి వెళ్లి, రివ్యూలో ఫొటో పెట్టారు. చివరికి నా వాదమే గెలిచిందని అక్కతో అన్నాను.

“గెలిచినోడివి, మిగిలిన రెండూ నువ్వే కొనుక్కో” అంది.