జేబులో మిగిలిన మూడు వాక్యాలు

ఇది ఇద్దరు ప్రాణస్నేహితుల వియోగ మహాకావ్యం. కాదు లెండి, ఒక బ్యాటు సంగతి. ఇవాళ పక్క ఫ్లాటువాళ్లు ఖాళీ చేస్తూ అట్టపెట్టెలకు టేపు అంటిస్తుంటే ఆ జిగురు వాసనకు గుర్తొచ్చింది.

నేను రెండో తరగతిలో ఉండగా, నల్లగండ్లలో మా కింది పోర్షన్ శివ వాళ్లు మదీనాగూడకు మారుతున్నారు. మదీనాగూడ వేరే దేశమని నా నమ్మకం. అందుకే వాడికివ్వడానికి చేసిన కార్డు మీద ‘నువ్వు పోతే నా ప్రాణం పోతుంది’ అని రాశాను.

అమ్మ చదివింది. “ప్రాణమెందుకు పోతదిరా? రేపు స్కూలుంది. మీరిద్దరు ఏం ఆడిండ్రో రాయి. యాదికొస్తవని రాయి. మల్ల కలుద్దామని రాయి. చాలు.”

కొత్త కార్డు మీద రాశాను: ‘శివా, మనం సెల్లార్‌ల క్రికెట్ ఆడినం. నువ్వు మస్తు యాదికొస్తవ్. మల్ల కలుద్దాం.’

సామాను ఎక్కించాక, ట్రాలీ ఆటో ముందు సీట్లో వాళ్ల నాన్న పక్కన కూర్చుని శివ అన్నాడు: “నువ్వే నా మంచి దోస్తువిరా. ఆదివారం పాలు పొంగిస్తం, రా.”

జేబులో కార్డు ఉంది. తీస్తే ఏడుపొస్తుందని భయం.

“నా బ్యాటు నీ దగ్గరుంది, ఇచ్చి పో” అన్నాను.

పెద్దవాళ్లు నవ్వారు. శివ నవ్వలేదు. దిగి, సామాన్ల మధ్య వెతికి, బ్యాటు నా చేతికిచ్చి, మళ్లీ ఆటో ఎక్కాడు.

ఆదివారం నేను వెళ్లలేదు. తర్వాత కూడా వెళ్లలేదు. కార్డు ఇంకా నా దగ్గరే ఉంది.

నల్లగండ్ల నుంచి మదీనాగూడకు ఆటోలో ఇరవై నిమిషాలు.