జిడ్డు తగలని నురగ

ఇరవై ఏళ్లు హోటల్లో అంట్లు తోమిన పిన్నికి ఈ రోజు కాఫీ కౌంటర్లో పరీక్ష. కాఫీ నురగ నిలవకపోతే మళ్లీ అంట్ల తొట్టి దగ్గరికే.

ఇన్‌స్టంట్ కాఫీపొడి, పంచదార, వేడినీళ్లు సమంగా కలిపి గిలక్కొట్టింది. పొంగిన నురగ కళ్లముందే కుంగిపోయింది.

"పొడి నీళ్లలో పూర్తిగా కరిగి బుడగల చుట్టూ పొర కడుతుంది. పంచదార చిక్కదనం ఆ పొరను కారిపోనివ్వదు. మరి ఇదేంటి పిన్నీ?" అంది పక్కనే నిలబడి చూస్తున్న హోటల్ ఓనరమ్మ.

పిన్ని వేలితో గిన్నె అంచు తడిమింది. జిడ్డు! పొద్దున అందులో మీగడ గిలక్కొట్టారు. జిడ్డు తగిలితే సబ్బు నురగైనా చచ్చిపోతుందని ఆ వేళ్లకు తెలుసు.

"ఒక్కసారి ఆగమ్మా!" అని గిన్నెను సబ్బుతో తోమి, ఆరబెట్టి, మళ్లీ కొత్తగా కలిపి గిలక్కొట్టింది. గిన్నెను బోర్లించి చూపించింది.

నురగ కదల్లేదు.

"రేపు పెందలాడే కౌంటర్ దగ్గరికి రా," అంది ఓనరమ్మ.